ఐఈఎల్‌టీఎస్ రైటింగ్‌లో 5.5 వచ్చింది, ఈఓఆర్ పెట్టాలా, రీటేక్ రాయాలా?

తెనాలి_పిల్ల
జూన్ 14న కంప్యూటర్ మీద ఐఈఎల్‌టీఎస్ అకడమిక్ రాశాను. 17న రిజల్ట్ వచ్చింది. లిజనింగ్ 7.5, రీడింగ్ 7, స్పీకింగ్ 6.5, రైటింగ్ 5.5, ఓవరాల్ 6.5. ఇంగ్లండ్‌లో ఎమ్మెస్సీకి కండిషనల్ ఆఫర్ ఉంది. వాళ్ళు అడిగింది ఓవరాల్ 6.5, ఏ సెక్షన్‌లోనూ 6కి తగ్గకూడదు. మిగతా మూడూ బాగానే ఉన్నాయి, రైటింగ్ ఒక్కటే అర బ్యాండ్ తగ్గి చంపేసింది. కండిషన్లు పూర్తి చేయడానికి యూనివర్సిటీ ఇచ్చిన గడువు జులై 31. కన్సల్టెన్సీ వాళ్ళేమో మళ్ళీ మొత్తం పరీక్షకి ఫీజు కట్టేయమంటున్నారు, మా బాబాయ్ ఈఓఆర్, అంటే రీవాల్యుయేషన్, పెట్టు అంటున్నాడు, ఫ్రెండ్ ఏదో ఒక్క సెక్షనే మళ్ళీ రాసే వన్ స్కిల్ రీటేక్ ఉందంటోంది. ముగ్గురూ మూడు చెప్తే నాకు నిద్ర పట్టట్లేదు. నిజంగా ఇవన్నీ చేసినవాళ్ళు ఎవరైనా చెప్పండి.

బ్యాండ్_మేళం
ఈఓఆర్ పెట్టెయ్ అక్కా, ఇంకేం ఆలోచించకు. స్కోరు మారితే ఫీజు వెనక్కి ఇస్తారు. రైటింగ్ అయితే ఎలాగూ పెరుగుతుంది, మా బ్యాచ్‌లో ఇద్దరికి పెరిగింది.

లీడ్స్_లక్ష్మి
"ఎలాగూ పెరుగుతుంది" అని చెప్పకు బాబూ, ఆ మాట నమ్మి డబ్బు పోగొట్టుకున్నవాళ్ళు చాలామంది ఉన్నారు. స్కోరు మారితే ఫీజు తిరిగొస్తుందన్నది నిజమే. మారకపోతే ఆ డబ్బు పోయినట్టే, అదేమీ చిన్న మొత్తం కాదు. మీ బ్యాచ్‌లో పెట్టినవాళ్ళు మొత్తం ఎంతమంది, పెరగనివాళ్ళు ఎంతమందో అది కూడా చెప్పు.

బ్యాండ్_మేళం
పెరగనివాళ్ళు గ్రూపులో పోస్టు పెట్టరు కదా అక్కా 😅

గుంటూరు_గోంగూర
ఇంటర్ బోర్డులో రీవెరిఫికేషన్ పెడితే స్కాన్ చేసిన పేపరు ఇస్తారు కదా, అలాగే ఇందులో కూడా నా పేపర్ తెప్పించుకుని చూసుకోవచ్చా? ఎక్కడ మార్కులు కోశారో తెలిస్తే గొడవ పెట్టొచ్చు.

శంకరం_మాస్టారు
తెనాలి అమ్మాయి ప్రశ్నకు వచ్చేముందు గోంగూర గారికి ఒక్క మాట. ఐఈఎల్‌టీఎస్‌లో జవాబు పత్రం మనకి చూపించరు, స్కాన్ కాపీ అనేదే ఉండదు. ఎక్కడ తప్పు చేశామో కూడా చెప్పరు. వచ్చేది బ్యాండ్ అంకె మాత్రమే. కాబట్టి "ఫలానా చోట అన్యాయం జరిగింది" అని వాదించే దారి లేదు. మరోసారి దిద్దమని అడగడం వరకే మన చేతిలో ఉంది.

ఇక ఈఓఆర్ అంటే ఏం జరుగుతుందో చెప్తాను. రైటింగ్ ఎంచుకుంటే మీరు రాసిన రెండు టాస్కులనూ ఒక సీనియర్ ఎగ్జామినర్ మళ్ళీ మొదటినుంచి దిద్దుతారు. మొదట ఎంత వచ్చిందో ఆ మనిషికి తెలియదు. స్పీకింగ్ అయితే రికార్డింగు మళ్ళీ వింటారు. లిజనింగ్, రీడింగ్ సంగతి వేరు, అవి 40 ప్రశ్నలకి కీ పెట్టి దిద్దేవి, అక్కడ రెండో మనిషి అభిప్రాయం అంటూ ఏమీ ఉండదు. అందుకే వాటికి ఈఓఆర్ పెట్టి లాభపడ్డవాళ్ళు నాకు తగల్లేదు. అభిప్రాయభేదం రావడానికి చోటున్నది రైటింగ్, స్పీకింగ్‌లలోనే.

గడువులు: ఈఓఆర్‌కి పరీక్ష తేదీ నుంచి ఆరు వారాలు, రిజల్ట్ తేదీ నుంచి కాదు. దీన్నే చాలామంది తప్పుగా లెక్కేస్తారు. ఫలితం రెండు రోజుల్లో రావచ్చు, 21 రోజులదాకా కూడా పట్టొచ్చు. ఎన్ని సెక్షన్లు ఎంచుకున్నారన్నదాన్ని బట్టి ఉంటుంది. వన్ స్కిల్ రీటేక్‌కి పరీక్ష తేదీ నుంచి 60 రోజులు, కంప్యూటర్ మీద రాసినవాళ్ళకే, ఒక్క స్కిల్‌కి ఒక్కసారే.

మీ జూన్ 14 నుంచి లెక్కేస్తే ఈఓఆర్‌కి ఆఖరు జులై 26, రీటేక్‌కి ఆగస్టు 13. కానీ యూనివర్సిటీ గడువు జులై 31 కదా, అసలు లెక్క అక్కడుంది. జులై 20న తీరిగ్గా ఈఓఆర్ పెడితే ఐఈఎల్‌టీఎస్ వాళ్ళ ప్రకారం గడువులోనే ఉన్నట్టు, మీ యూనివర్సిటీ ప్రకారం మాత్రం చేతులెత్తేసినట్టు. 21 రోజులు పడితే ఆగస్టు 10.

తెనాలి_పిల్ల
మాస్టారూ థాంక్యూ. ఇప్పుడే పెడితే? ఒకవేళ మారకపోతే రీటేక్‌కి టైమ్ మిగులుతుందా?

శంకరం_మాస్టారు
జూన్ 24న పెట్టారనుకోండి, ఎక్కువలో ఎక్కువ జులై 15కి తేలిపోతుంది. మారితే సంతోషం. మారకపోతే ఆ మర్నాడే రీటేక్ బుక్ చేసుకుంటే, మీ ఊరికి దగ్గర్లో స్లాట్ ఉంటే, జులై 20ల్లో రాసేయొచ్చు. కంప్యూటర్ పరీక్ష కాబట్టి రిజల్ట్ కొద్ది రోజుల్లోనే వస్తుంది. ఇరుగ్గానే ఉంటుంది కానీ కుదురుతుంది. ఈఓఆర్ నడుస్తుండగా అదే పరీక్షకి రీటేక్ బుక్ చేయకండి, ఏదైనా ఇబ్బంది వస్తుందేమో ముందు సెంటర్‌కి మెయిల్ పెట్టి కనుక్కోండి.

అయితే ఇది పెట్టాలా వద్దా అన్నదానికి ముందు ఒక ప్రశ్న అడుగుతాను, నిజం చెప్పండి. ఆ 60 నిమిషాల్లో టాస్క్ 1కి ఎంత సేపు, టాస్క్ 2కి ఎంత సేపు పెట్టారు? స్క్రీన్ మీద పదాల లెక్క కనిపిస్తుంది కదా, ఎంత చూపించింది?

తెనాలి_పిల్ల
టాస్క్ 1 లైన్ గ్రాఫ్, దానికి అరగంట దాటింది, 220 పదాలు పైనే రాశాను. టాస్క్ 2లో ఆఖరి పేరాకి టైమ్ లేక ఒక్క వాక్యంతో ముగించాను. కౌంట్ 240 దగ్గర ఆగింది.

శంకరం_మాస్టారు
టాస్క్ 2కి టాస్క్ 1 కంటే రెట్టింపు బరువు ఉంటుంది. కనీసం 250 పదాలు రాయమని ప్రశ్నలోనే ఉంటుంది. మీరు తక్కువ విలువున్న టాస్క్‌కి ఎక్కువ సమయం ఇచ్చి, ఎక్కువ విలువున్నదాన్ని ముగింపు లేకుండా వదిలేశారు. రెండో ఎగ్జామినర్ చూసినా ఇదే కనిపిస్తుంది. భాష బాగుండి, రెండు టాస్కులూ నిండుగా రాసి, 5.5 వస్తే ఈఓఆర్ పెట్టమని నేనే చెప్పేవాణ్ణి. మీ విషయంలో ఈఓఆర్ కంటే రీటేక్‌కే ఎక్కువ అవకాశం కనిపిస్తోంది. తేల్చుకోవాల్సింది మీరే.

బ్యాండ్_మేళం
మాస్టారు కఠినం. పదాలు పది తగ్గితే అర బ్యాండ్ పోతుందా ఏంటి, రెండో ఎగ్జామినర్‌కి దయ ఉండొచ్చు కదా.

శంకరం_మాస్టారు
పది పదాల గురించి కాదు. నాలుగు కోణాల్లో చూస్తారు: అడిగినదానికి జవాబిచ్చావా, ఆలోచన వరుసగా సాగిందా, పదజాలం, వ్యాకరణం. ముగింపు లేకపోతే మొదటి రెండూ దెబ్బతింటాయి. దయ గురించి నాకు తెలియదు, ఉంటే మంచిదే.

లీడ్స్_లక్ష్మి
మాస్టారి మాటతో సగమే ఏకీభవిస్తాను. రీటేక్‌కి అవకాశం ఎక్కువే కానీ ఆ స్కోరు మీ యూనివర్సిటీ తీసుకోవాలి కదా! వన్ స్కిల్ రీటేక్‌ని అన్ని యూనివర్సిటీలూ ఒప్పుకోవు, ఒకే యూనివర్సిటీలో ఒక డిపార్ట్‌మెంట్ ఒప్పుకుని ఇంకోటి ఒప్పుకోకపోవడం కూడా చూశాను. ఈఓఆర్‌లో ఆ బాధ లేదు, అది అదే పరీక్ష, మారితే కొత్త టీఆర్‌ఎఫ్, అంటే స్కోరుకార్డు, వస్తుంది, ఎవరూ కాదనరు. చెల్లీ, ముందు అడ్మిషన్స్‌కి మెయిల్ పెట్టు. "మీరు స్కోరు తీసుకుంటారా" అని గుండుగుత్తగా అడిగితే వాళ్ళూ గుండుగుత్తగానే జవాబిస్తారు. "నా ఆఫర్ షరతు తీరడానికి ఐఈఎల్‌టీఎస్ వన్ స్కిల్ రీటేక్ టీఆర్‌ఎఫ్ పనికొస్తుందా" అని ఆఫర్ నంబరు వేసి అడుగు. జవాబు మెయిల్‌లో ఉండాలి, ఫోన్‌లో చెప్పింది లెక్కలోకి రాదు.

ఇంకోటి, రైటింగ్ 6 అయితే నీ ఓవరాల్ కూడా మారుతుంది. ఇప్పుడు 26.5ని నాలుగుతో భాగిస్తే 6.625, అది 6.5కి దిగుతుంది. 27 అయితే 6.75, అది 7కి ఎక్కుతుంది. ఎక్కడైనా స్కాలర్‌షిప్‌కి 7 అడిగితే ఉపయోగపడుతుంది.

అమీర్‌పేట_అన్న
దీనికి ఇంత గొడవెందుకు, నాకు పోయినేడు రాసినదాంట్లో రైటింగ్ 6.5 ఉంది, ఈ సంవత్సరం రాసినదాంట్లో మిగతావి బాగున్నాయి. రెండూ కలిపి పంపిస్తే సరిపోతుంది కదా? రెండూ రెండేళ్ళలోపువే.

లీడ్స్_లక్ష్మి
సరిపోదన్నా. యూకేలో ఎక్కువ చోట్ల ఒకే సిట్టింగ్ స్కోరు అడుగుతారు. ఈ పరీక్ష నుంచి కొంచెం, ఆ పరీక్ష నుంచి కొంచెం తీసుకోరు. తీసుకునేవాళ్ళు ఉంటే ఆ విషయం వెబ్‌సైట్‌లో రాసి ఉంటుంది.

అమీర్‌పేట_అన్న
మా కన్సల్టెన్సీ అతను అప్లికేషన్‌లో అలాగే పంపేశాడు మరి 🙂 చూద్దాం.

వరంగల్_వాసు
నాది వేరే బాధ. నేనూ 14నే రాశాను, హనుమకొండలో. నాతో రాసిన అందరికీ వచ్చేసింది, నాకు ఇంకా రాలేదు. పోర్టల్ తెరిస్తే ఏమీ ఉండదు, "అదనపు తనిఖీ" అని ఒక మెయిల్ మాత్రం వచ్చింది. కాపీ కొట్టానని అనుకుంటున్నారా? ఇంట్లో చెప్పే ధైర్యం లేదు.

సైలెంట్_రీడర్99
మా కజిన్‌కి ఇలాగే అయింది, తర్వాత వచ్చింది. ఆ మధ్యలో వాడు కిలోలు తగ్గాడు.

గుంటూరు_గోంగూర
లేటుగా వస్తే స్కోరు ఎక్కువని అంటారు. నిజమేనా?

శంకరం_మాస్టారు
అలాంటి నియమం ఏదీ లేదు. ఈఓఆర్ విషయంలో కూడా "రెండు రోజుల్లో మెయిల్ వస్తే మారలేదని, ఆలస్యమైతే పెరిగిందని" ఒక పుకారు తిరుగుతూ ఉంటుంది, దాన్ని నమ్మి మెయిల్ తెరవకుండా కూర్చున్నవాళ్ళు ఉన్నారు.

వాసూ, ఆపి ఉంచడానికి కారణం ఒక్కటే కాదు. ఒక కారణం, మీ రీడింగ్, లిజనింగ్ ఒక స్థాయిలో ఉండి రైటింగో స్పీకింగో బాగా దూరంగా ఉంటే దాన్ని రెండోసారి దిద్దుతారు. అది మీ మేలుకే. ఇంకో కారణం గుర్తింపు, పాస్‌పోర్టు వివరాలు, ఫొటో, ఆ రోజు సెంటర్‌లో జరిగిన ఏదైనా సంఘటన మీద తనిఖీ. మెయిల్ చూసి ఏ కారణమో పోల్చుకోలేం, వాళ్ళూ చెప్పరు. కాపీ కొట్టారన్న నిర్ధారణ మాత్రం కాదు. తప్పు తేలితే రిజల్ట్ ఇవ్వకపోవడం కూడా ఉంటుంది, కానీ అది వేరే ఉత్తరంగా వస్తుంది. మీకు పరీక్ష గదిలో ఏదైనా జరిగిందా? పాస్‌పోర్టు ఈమధ్య మార్చారా?

వరంగల్_వాసు
పాస్‌పోర్టు పాతదే. గదిలో హెడ్‌ఫోన్ పనిచేయక సిస్టమ్ మార్చారు, లిజనింగ్ మొదలవకముందే. సూపర్‌వైజర్ ఏదో రాసుకుంది.

శంకరం_మాస్టారు
సిస్టమ్ మారిస్తే దానికి రికార్డు రాయడం మామూలే. అదే కారణం అని నేను తేల్చి చెప్పలేను. మీరు సెంటర్‌కి రాసే మెయిల్‌లో ఆ విషయం తప్పక రాయండి, తేదీ, గది, టైమ్‌తో సహా.

వరంగల్_వాసు
నాకింకో అనుమానం మాస్టారూ. ఈఓఆర్ ఆరు వారాలు పరీక్ష తేదీ నుంచి అంటున్నారు కదా, నాకు రిజల్ట్ నెల తర్వాత వస్తే ఆ లెక్క ఎప్పటినుంచి?

శంకరం_మాస్టారు
నియమం పరీక్ష తేదీనే అంటుంది. ఆలస్యం వాళ్ళవల్ల అయినప్పుడు సడలిస్తారో లేదో సెంటర్‌నే అడిగి రాతపూర్వకంగా తీసుకోండి, గడువు దాటాక అడిగితే లాభం లేదు. అలాగే మీ యూనివర్సిటీకి ఈ రోజే మెయిల్ రాసి, పరీక్ష తేదీ, టెస్ట్ సెంటర్, సెంటర్ పంపిన మెయిల్ జతచేయండి. రిజల్ట్ ఆలస్యం అయిందని గడువుకి ముందే చెప్పినవాళ్ళకి కొన్ని యూనివర్సిటీలు పొడిగింపు ఇస్తాయి. గడువు అయ్యాక చెప్తే వినరు.

లీడ్స్_లక్ష్మి
అవును వాసూ, ఇంట్లోవాళ్ళకి కూడా ఆ మెయిల్ చూపించు. చెప్పకపోతే వాళ్ళే ఇంకేదో ఊహించుకుంటారు.

నల్గొండ_నాన్న
నేను విద్యార్థిని కాను, విద్యార్థి తండ్రిని. మా అబ్బాయి 2023 సెప్టెంబర్ 2న రాశాడు, 7 వచ్చింది. అప్పుడు అడ్మిషన్ దొరికింది గానీ ఇంట్లో పరిస్థితి బాగోక వెళ్ళలేదు. ఇప్పుడు కోర్సు 2025 సెప్టెంబర్ 22న మొదలు. రెండేళ్ళు సెప్టెంబర్ 2తో అయిపోతుంది. దీనికి కూడా రీమార్కింగ్ పెట్టి తేదీ పొడిగించుకోవచ్చా?

బ్యాండ్_మేళం
అంకుల్, రీమార్కింగ్‌కీ తేదీకీ సంబంధం లేదు. ఈఓఆర్‌కి ఆరు వారాలే, అది ఎప్పుడో అయిపోయింది. ఇరవై రోజులే కదా తేడా, యూనివర్సిటీ ఏమీ అనదు లెండి.

లీడ్స్_లక్ష్మి
మేళం, మొదటి మాట కరెక్ట్, రెండోది తప్పు. ఇరవై రోజులకే తిప్పి పంపినవాళ్ళున్నారు.

నాన్నగారూ, రెండేళ్ళన్నది ఐఈఎల్‌టీఎస్ వాళ్ళ సిఫారసు, తుది నిర్ణయం స్కోరు తీసుకునే సంస్థది. కానీ సంస్థలు ఆ రెండేళ్ళని ఏ రోజుతో పోలుస్తాయన్నదే తేడా. కొందరు అప్లై చేసిన రోజుకి స్కోరు బతికి ఉంటే చాలంటారు. కొందరు వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే సీఏఎస్ లెటర్ రోజు చూస్తారు. చాలామంది కోర్సు మొదలయ్యే రోజు చూస్తారు. మీ అబ్బాయిది జులైలో సీఏఎస్ ఇచ్చే యూనివర్సిటీ అయి, సీఏఎస్ రోజే చూస్తే ఇబ్బంది లేదు. కోర్సు రోజు చూస్తే మళ్ళీ రాయాలి. డిగ్రీ స్థాయి కోర్సుకి ఇంగ్లీషు సంగతి యూనివర్సిటీ స్వయంగా నిర్ణయించి సీఏఎస్‌లో రాయొచ్చు, కాబట్టి వాళ్ళ మాటే కీలకం. రెండేళ్ళు దాటితే యూనివర్సిటీలు స్కోరు ఆన్‌లైన్‌లో సరిచూసుకోవడం కూడా కుదరదు. అందుకే పాత కాగితం ఎంత అందంగా ఉన్నా పనికిరాదు.

నల్గొండ_నాన్న
రెండు చోట్ల ఆఫర్లున్నాయమ్మా. రెండింటికీ ఈ ప్రశ్న రాయిస్తాను, ఏ రోజుకి చెల్లాలి అని.

సైలెంట్_రీడర్99
అసలు కోర్సుకి ముందు ఇంగ్లీషు నేర్పే ప్రీ సెషనల్ కోర్సు చేరితే తెనాలి అమ్మాయి సమస్య తీరదా? 5.5 ఉన్నా తీసుకుంటారని విన్నా.

లీడ్స్_లక్ష్మి
కొన్ని చోట్ల తీసుకుంటారు, కానీ ఫీజు వేరే, ఇంగ్లండ్‌కి ముందే వెళ్ళాలి. పైగా ప్రీ సెషనల్‌కి మామూలు ఐఈఎల్‌టీఎస్ సరిపోదని, యూకే వీసా కోసం రాసే యూకేవీఐది కావాలని అడిగే అవకాశం ఎక్కువ. అప్పుడు ఎలాగూ ఇంకో పరీక్ష రాయాల్సిందే. రాసేదేదో నేరుగా 6 తెచ్చుకోవడానికే రాయొచ్చు.

గుంటూరు_గోంగూర
ఇంతకీ ఈఓఆర్‌లో స్కోరు తగ్గుతుందా? మా సీనియర్ తగ్గదు అని ఒట్టేశాడు.

శంకరం_మాస్టారు
ఒట్లు నేను వేయను. దరఖాస్తులో షరతులుంటాయి, సంతకం చేసేముందు చదవండి.

తెనాలి_పిల్ల
అడ్మిషన్స్‌కి మొన్న రాత్రి మెయిల్ పెట్టాను, లక్ష్మక్క చెప్పినట్టే ఆఫర్ నంబరు వేసి. ఇవాళ జవాబు వచ్చింది. వన్ స్కిల్ రీటేక్ తీసుకుంటామని, కానీ రెండు టీఆర్‌ఎఫ్‌లూ, పాతదీ కొత్తదీ, పంపాలని రాశారు. జులై 31 గడువు మాత్రం పొడిగించరట. ఈఓఆర్ వదిలేసి రీటేక్ బుక్ చేయాలనుకుంటున్నా, జులై మొదటి వారంలో విజయవాడలో స్లాట్ కనిపిస్తోంది. కాకపోతే బాబాయ్ ఒప్పుకోవట్లేదు, "డబ్బు తిరిగొచ్చేది ఈఓఆరే" అంటున్నాడు. మాస్టారూ, మీ పోస్టులు ప్రింట్ తీసి ఆయనకిచ్చాను.

శంకరం_మాస్టారు
బాబాయ్‌ని కూడా ఇక్కడికే రమ్మనండి. జులై మొదటి వారం మంచిదే, ఏదైనా తేడా వస్తే మొత్తం పరీక్ష రాయడానికి కూడా ఇంకా రోజులుంటాయి. ఈలోగా రోజూ టాస్క్ 2ని గడియారం పెట్టుకుని 40 నిమిషాల్లో రాయండి, దాన్నే ముందు మొదలుపెట్టండి. వరుస మార్చి రాయడానికి ఎవరూ అడ్డు చెప్పరు.

అమీర్‌పేట_అన్న
అప్‌డేట్: రెండు స్కోరుకార్డులు కలిపి పంపిన నా అప్లికేషన్‌కి జవాబు వచ్చింది. "దయచేసి ఒకే పరీక్ష ఫలితం పంపండి" అట. కన్సల్టెన్సీ అతను ఫోన్ ఎత్తట్లేదు. రీటేక్‌కి నాకు టైమ్ ఉందా మాస్టారూ? మే 3న రాశాను.

శంకరం_మాస్టారు
60 రోజులు జులై 2తో అయిపోతాయి. ఈ రోజే స్లాట్లు చూడండి. మీ యూనివర్సిటీ రీటేక్ తీసుకుంటుందో లేదో కూడా ఇప్పుడే అడగండి, జవాబు కోసం ఆగితే గడువు దాటిపోవచ్చు, ఏది ముందన్నది మీ ఇష్టం. పేపర్ మీద రాసి ఉంటే ఇదంతా వర్తించదు.

అమీర్‌పేట_అన్న
పేపర్ మీదే రాశా.

బ్యాండ్_మేళం
అన్నా 🤦